పాత కారుకు ఈవీ మోటారు: లెక్క ప్రకారం 85 రావాలి, 41 దగ్గరే ఆగిపోతోంది

సతీష్_రాజోలు · ఆదివారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం అండీ. మా మావయ్యా నేనూ కలిసి 800 సీసీ పాత చిన్న కారుకు మోటారు బిగించాం. ఇంజిన్, క్లచ్ తీసేసి, మోటారు షాఫ్టును కప్లర్‌తో నేరుగా గేర్‌బాక్స్‌కి కలిపాం. ఏదో ఒక గేరులో శాశ్వతంగా ఉంచేసి, గేరు మార్చే పనే లేకుండా నడపాలని మా ఆలోచన.

మోటారు ప్లేటు మీద గరిష్ఠంగా 6500 ఆర్‌పీఎం, 30 కిలోవాట్లు, 110 న్యూటన్ మీటర్లు అని ఉంది. బ్యాటరీ 96 వోల్టులది. టైరు 145/80 ఆర్ 12. దాని కొలతలను బట్టి చక్రం వ్యాసార్థం 0.268 మీటర్లు వచ్చింది. 216 నంబరు హైవే మీద 90 కిలోమీటర్ల వేగం చాలు మాకు. నేను వాడిన సూత్రం ఇది, ఇందులో G అంటే రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే మోటారు తిరిగే చుట్లు, r చక్రం వ్యాసార్థం, n మోటారు ఆర్‌పీఎం, v గంటకు కిలోమీటర్లలో వేగం:

```
G = 0.377 × r × n / v
G = 0.377 × 0.268 × 6500 / 90 = 7.3
```

అంటే 7.3 దగ్గర ఉండే గేరు కావాలి. ఏ గేరుకు ఎంత రేషియో ఉందో తెలుసుకోవడానికి కారును జాకీ మీద ఎత్తి, చక్రాన్ని ఒక చుట్టు తిప్పి, మోటారు షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాం. ఫస్ట్‌లో 7.7, సెకండ్‌లో 4.15, థర్డ్‌లో 2.8 వచ్చాయి. 7.3కి ఫస్టే దగ్గర కాబట్టి అందులో పెట్టేశాం. 85 దాకా వెళ్ళాలి కదా. నిన్న రోడ్డు మీద చూస్తే ఫోన్ జీపీఎస్‌లో 41 దాటలేదు. మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్ డిస్‌ప్లే మాత్రం 6400 ఆర్‌పీఎం చూపిస్తోంది. కంట్రోలర్ అబద్ధం చెబుతోందా? అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

---

వెంకట్_భీమవరం · ఆదివారం, రాత్రి 9:50

సూత్రం కరెక్టే బ్రో. మాది మెకానికల్ మూడో సంవత్సరం, మొన్న ఇదే ప్రాజెక్ట్ చేశాం. చక్రం, టాప్ స్పీడ్, మోటారు గరిష్ఠ ఆర్‌పీఎం, ఈ మూడూ తెలిస్తే రేషియో వచ్చేస్తుంది, ఇంకేమీ అక్కర్లేదు. నీ లెక్కలో తప్పు లేదు కాబట్టి కంట్రోలర్‌లోనే ఏదో ఉంది. మోటారు అయస్కాంత ధ్రువాల జతలు, అంటే పోల్ పెయిర్ల సంఖ్య అందులో తప్పుగా పెట్టి ఉంటే డిస్‌ప్లే ఆర్‌పీఎం రెట్టింపు చూపిస్తుంది. అది చూడు ముందు.

---

సుబ్బరాజు_తణుకు · ఆదివారం, రాత్రి 10:20

సతీషూ, ఒక్క మాట అడుగుతాను. జాకీ ఒక పక్కనే వేశారా, రెండు ముందు చక్రాలూ లేపారా?

---

సతీష్_రాజోలు · ఆదివారం, రాత్రి 10:24

ఒక పక్కే అండీ. డ్రైవరు వైపు చక్రం లేపి తిప్పాం.

---

సుబ్బరాజు_తణుకు · ఆదివారం, రాత్రి 10:41

అదీ సంగతి. మీ కంట్రోలర్ నిజమే చెబుతోంది.

ఒక చక్రం నేల మీద కదలకుండా ఉండి, రెండోది మాత్రమే తిరిగితే, మధ్యలో రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ హౌసింగ్ అందులో సగమే తిరుగుతుంది. మీరు చక్రాన్ని ఒక చుట్టు తిప్పితే హౌసింగ్ తిరిగింది అర చుట్టే. కాబట్టి షాఫ్టు తిరిగిన చుట్లు కూడా అసలు రేషియోలో సగమే వస్తాయి. మీ 7.7 నిజానికి 15.4. సెకండ్ 8.3, థర్డ్ 5.6. ఈ తరహా గేర్‌బాక్సులు ముప్పై ఏళ్ళుగా విప్పుతున్నాను, ఈ అంకెలే సరిగ్గా సరిపోతాయి.

15.4తో మీ సూత్రంలో వేసి చూడండి. 6400 దగ్గర 41, 42 వస్తుంది. మీ జీపీఎస్ చూపించింది అదే.

ఇంకోసారి కొలవాలంటే రెండు చక్రాలూ లేపి, ఇద్దరు చెరో పక్కన నిలబడి, రెండింటినీ ఒకే దిశలో ఒక్కో చుట్టు తిప్పండి. ఒక్క మనిషే ఉంటే ఒక పక్కే లేపి, ఆ చక్రాన్ని ఒకటికి బదులు రెండు చుట్లు తిప్పండి. రెండు పద్ధతుల్లోనూ ఒకే అంకె రావాలి.

---

సతీష్_రాజోలు · సోమవారం, ఉదయం 7:05

ఆయ్, నిజమేనండీ! పొద్దున్నే లేచి రెండు చక్రాలూ లేపి చూశాం. 15.4, 8.3, 5.6. రాత్రంతా కంట్రోలర్ సెట్టింగులు తిరగేసుకుంటూ కూర్చున్నాను. సుబ్బరాజు గారూ, చాలా థ్యాంక్స్.

అయితే ఇప్పుడు 7.3 దగ్గర ఏ గేరూ లేదు. 8.3లో పెడితే 79 వస్తుంది, 5.6లో పెడితే 117. స్పీడ్ ఉంటే మంచిదే కదా అని థర్డ్‌లో పెట్టాలనుకుంటున్నాం.

---

పద్మజ_కాకినాడ · సోమవారం, మధ్యాహ్నం 1:30

సతీష్ గారూ, థర్డ్‌లో బిగించే ముందు మీరు వేసిన రెండు అంకెల గురించి చెప్పాలి. నేను మోటారు డ్రైవుల మీద పనిచేస్తాను, ఇలాంటి లెక్కలు రోజూ చూస్తుంటాను.

మొదటిది 0.268. టైరు మీద రాసిన కొలతల నుంచి వచ్చేది గాలి నిండిన, బరువు పడని టైరు వ్యాసార్థం. కారు బరువు పడ్డాక టైరు కింద నొక్కుకుంటుంది, ఒక్కో చుట్టుకు ముందుకు జరిగే దూరం తగ్గుతుంది. మనుషుల్ని కూర్చోబెట్టి, టైరు మీద, నేల మీద సుద్దతో గీత పెట్టి, కారును సరిగ్గా పది చుట్లు తోయండి. మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, 62.8తో భాగించండి. మీ లెక్కలో వాడాల్సిన వ్యాసార్థం అది.

రెండోది 6500, దీని ప్రభావం ఇంకా పెద్దది. ప్లేటు మీది గరిష్ఠ ఆర్‌పీఎం ఆ మోటారు ఎంత వేగం వరకు తిరగొచ్చో చెబుతుంది. మీ బ్యాటరీతో, రోడ్డు మీద, బరువుతో అంత వేగంలో అది లాగగలదని చెప్పదు. మోటారు ఎంత వేగంగా తిరిగితే దానిలో పుట్టే ఎదురు వోల్టేజీ అంత పెరుగుతుంది. బ్యాటరీ దిగే కొద్దీ మీ దగ్గరున్న వోల్టులు తగ్గుతాయి. అక్కడి నుంచి ఆర్‌పీఎం పెరగడం ఆగిపోతుంది. బ్యాటరీ సగం దిగాక రోడ్డు మీద ఎంత వరకు వెళ్తుందో చూసి చెప్పండి. ఆ అంకెతోనే రేషియో వేయాలి.

పెద్ద కంపెనీలు కూడా అంచు దాకా వాడవు. 2011 నిస్సాన్ లీఫ్ తీసుకుంటే మోటారు గరిష్ఠం 10,390, రేషియో 7.94, టైరు 205/55 ఆర్ 16. సూత్రంలో వేస్తే 156 వస్తుంది, కారు టాప్ స్పీడు మాత్రం 145 దగ్గర. బీఎండబ్ల్యూ ఐ3కి 11,400, రేషియో 9.665, టైరు 155/70 ఆర్ 19. అదీ 156 దగ్గరికే వస్తుంది, కంపెనీ 150 వద్ద ఆపేసింది. రెండు కార్ల లెక్కా ఒకే చోటికి రావడం కాకతాళీయం. అంచుకు ముందు కొంత జాగా వదలడం మాత్రం కాకతాళీయం కాదు.

---

నాని_పాలకొల్లు_ఆటో · సోమవారం, సాయంత్రం 6:10

అన్నయ్యలూ, అక్కలూ, నాదీ ఇలాంటి బాధే, అందుకే అడుగుతున్నా. నాకు ఎలక్ట్రిక్ ఆటో ఉంది. రొయ్యల చెరువుల నుంచి ఐసు పెట్టెలు వేసుకుని గట్ల మీదుగా తిరుగుతాను. 25 దాటి వెళ్ళేది కాదు. ఒక షాపువాళ్ళు వెనక గేరు మార్చారు, స్పీడు 32 అయింది. ఛార్జి కూడా ఎక్కువ వస్తుంది అన్నారు. ఛార్జి ఏమీ పెరగలేదు. పైగా లోడుతో గట్టు ఎక్కేటప్పుడు ఆగిపోతోంది, రెండు నిమిషాలు ఉంటే మళ్ళీ కదులుతుంది. బ్యాటరీ పోయిందంటున్నారు. ఈ రేషియోతో ఒక్క ఛార్జికి కిలోమీటర్లు ఎంత పెరుగుతాయో చెప్పండి.

---

వెంకట్_భీమవరం · సోమవారం, సాయంత్రం 6:45

నాని అన్నా, ఇక్కడ టాపిక్ కారు టాప్ స్పీడు గురించి. నీది రేంజి సమస్య, వేరే పోస్ట్ పెడితే మంచిది.

---

సుబ్బరాజు_తణుకు · సోమవారం, రాత్రి 8:30

ఉండనీ వెంకట్. నానీది ఇదే సమస్య, రెండో వైపు నుంచి వచ్చింది.

నానీ, నీ స్పీడు 25 నుంచి 32 అయిందంటే గేరు రేషియో వందకి 78 అయినట్టు. అదే గట్టు, అదే లోడు ఎక్కడానికి చక్రం దగ్గర కావాల్సిన బలం మారలేదు. దాన్ని ఇవ్వడానికి మోటారు ఇంతకు ముందు కంటే నాలుగో వంతు పైన ఎక్కువ లాగాలి, అంటే వందకి 128 కరెంటు. వైర్లలో వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. 128ని 128తో గుణిస్తే వందకి 164. వేడి అంత పెరిగింది. అందుకే కంట్రోలర్ తనను తాను కాపాడుకోవడానికి ఆపేస్తోంది, చల్లారగానే వదులుతోంది. బ్యాటరీ పోతే రెండు నిమిషాలకు బాగవదు. చదును రోడ్డు మీద అదే వేగంలో వెళ్తే ఛార్జిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు, ఎందుకంటే గాలినీ రోడ్డునీ నెట్టడానికి పట్టే పని గేరుతో మారదు. పాత గేరు ఇంకా నీ దగ్గరే ఉంటే, గట్ల మీద లోడు మోసే పనికి అదే వేసుకో. బ్యాటరీకి డబ్బు పెట్టకు.

---

నాని_పాలకొల్లు_ఆటో · సోమవారం, రాత్రి 9:02

పాత గేరు ఇంట్లోనే ఉంది బాబాయ్. కొత్త బ్యాటరీకి అడ్వాన్స్ ఇవ్వబోతున్నా, ఆపేస్తాను.

---

సతీష్_రాజోలు · శనివారం, రాత్రి 8:20

వారం రోజులు తిరిగి చూశాం. పద్మజ మేడం చెప్పినట్టు పది చుట్లు తోసి కొలిస్తే 16.34 మీటర్లు, అంటే వ్యాసార్థం 0.26. బ్యాటరీ సగం దిగాక రోడ్డు మీద ఆర్‌పీఎం 5900 నుంచి 6000 మధ్యలో ఆగిపోతోంది, ఎంత తొక్కినా. కాబట్టి 6000తో లెక్క వేశాను:

```
0.377 × 0.26 × 6000 = 588
588 / 90 = 6.5
588 / 80 = 7.35
588 / 8.3 = 71
588 / 5.6 = 105
```

సెకండ్‌లో 71 మాత్రమే వస్తుంది. అందుకే థర్డ్‌లోనే పెట్టాం. చదును రోడ్డు మీద బ్రహ్మాండంగా ఉంది. 90 అవలీలగా వస్తోంది.

అసలు సమస్య ఇవాళ వచ్చింది. మాకు నరసాపురంలో చుట్టాలున్నారు. సఖినేటిపల్లి రేవులో పంటు మీద కారు ఎక్కించి గోదావరి దాటాలి. మొన్న ఒక్కడినే వెళ్ళాను, ఆయాసపడుతూనైనా అవతలి ఒడ్డున పైకి ఎక్కేసింది. ఇవాళ నలుగురం, వెనక రెండు బస్తాలు. పంటు దిగి పైకి వచ్చే దారిలో సగంలో ఆగిపోయింది. తొక్కితే గుంయ్ అని చప్పుడు, చక్రం మాత్రం కదలదు. వెనకవాళ్ళంతా హారన్లు. చివరికి ముగ్గురు దిగి తోశారు. ఆ వాలు ఫోన్‌తో కొలిస్తే 9 డిగ్రీలు. 110 న్యూటన్ మీటర్ల మోటారు ఇంత చిన్న గట్టు ఎక్కకపోవడమేంటి?

---

సుబ్బరాజు_తణుకు · శనివారం, రాత్రి 8:55

చక్రం జారిందా, తిరగనే లేదా? రేవులో బురద ఉంటే రెండూ జరగొచ్చు. జారితే డిస్‌ప్లేలో ఆర్‌పీఎం ఎగిరిపోతుంది. సున్నా దగ్గరే ఉండి గుంయ్ మంటే మోటారుకు బలం చాలలేదన్నమాట.

---

సతీష్_రాజోలు · శనివారం, రాత్రి 8:58

సున్నా అండీ. కంట్రోలర్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి.

---

పద్మజ_కాకినాడ · శనివారం, రాత్రి 10:40

ఇంకెప్పుడూ అలా ఆగిన చోట తొక్కి పట్టుకోకండి. చక్రం తిరుగుతుంటే కరెంటు మూడు ఫేజులకూ వంతులవారీగా పంచుకుపోతుంది. తిరగకుండా ఆగిపోతే ఎక్కువ భాగం ఒక్క ఫేజు మీదే నిలబడిపోతుంది, కంట్రోలర్‌లో ఆ ఒక్క భాగమే కాలుతుంది. రెండు మూడు సెకన్లలో కదలకపోతే బ్రేకు వేసి కాలు తీసేయండి.

ఇక కారణం. రేషియోకు మీరు పైహద్దు ఒక్కటే చూశారు. మోటారు తిరగగల వేగం, కావాల్సిన టాప్ స్పీడు, చక్రం, ఈ మూడూ కలిసి ‘ఇంతకంటే పెద్ద రేషియో వద్దు’ అని మాత్రమే చెబుతాయి. ‘ఇంతకంటే చిన్నది వద్దు’ అని చెప్పేది మీ ఊళ్ళో ఉన్న అతి కష్టమైన ఎక్కుడు. డెల్టా అంతా చదునే కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించరు. మీకు ఆ ఎక్కుడు పంటు రేవు.

మీ కారు, నలుగురు, బస్తాలు కలిపి 1100 కిలోలు అనుకుందాం. 9 డిగ్రీల వాలు మీద వెనక్కి లాగే బరువు 1690 న్యూటన్లు. టైర్ల నిరోధం 160. మొత్తం 1850. దీన్ని చక్రం వ్యాసార్థం 0.26తో గుణిస్తే ఇరుసు దగ్గర 481 న్యూటన్ మీటర్లు. గేర్లలో పోయే అయిదు శాతం కలిపితే 506. ఇది ఆ వాలు మీద కారు వేగం పెరగకుండా నిదానంగా ఎక్కుతూ ఉండడానికే. ఆగిన చోటి నుంచి కదిలి వేగం అందుకోవాలంటే ఇంకొంచెం కావాలి, 600 దాకా అనుకోండి.

మోటారు 110 ఇస్తే 506 / 110 = 4.6. అప్పుడు మీ 5.6 సరిపోవాలి. సరిపోలేదంటే మోటారు 110 ఇవ్వడం లేదు. ప్లేటు మీద 110 పక్కన ఎన్ని ఆంపియర్లని ఉంది? కంట్రోలర్‌లో ఫేజు కరెంటు పరిమితి ఎంత ఉంది?

---

సతీష్_రాజోలు · శనివారం, రాత్రి 11:05

ప్లేటు మీద 400 ఆంపియర్లు. కంట్రోలర్ గరిష్ఠం 275 అండీ. ఇంతకంటే పెద్దది కొనలేక దీన్ని తీసుకున్నాం.

---

పద్మజ_కాకినాడ · ఆదివారం, ఉదయం 8:15

అయితే జవాబు దొరికినట్టే. కరెంటుతో పాటే టార్క్ తగ్గుతుంది. 275 ఆంపియర్లకు మీ మోటారు ఇచ్చేది 75 న్యూటన్ మీటర్లు మాత్రమే. కింది హద్దు 506 / 75 = 6.75 అయింది. బాగా కదలాలంటే 600 / 75 = 8. మీరు పెట్టింది 5.6.

మొన్న ఒక్కరే వెళ్తే ఎందుకు ఎక్కిందో కూడా ఇందులోనే ఉంది. థర్డ్‌లో 75తో చక్రం దగ్గర 1535 న్యూటన్లు వస్తాయి. మీరొక్కరే ఉంటే కారు 870 కిలోలు, కావాల్సింది 1460. వెంట్రుకవాసిలో ఎక్కింది. నలుగురితో 1850 కావాలి. ఒక్కరితో చూసిన పరీక్ష వల్ల థర్డ్ సరిపోతుందన్న తప్పుడు ధైర్యం వచ్చింది. ఎక్కుడు పరీక్ష ఎప్పుడైనా నిండు లోడుతోనే చేయాలి.

90 కావాలంటే పైహద్దు 6.5. ఈ కంట్రోలర్‌తో రేవు ఎక్కాలంటే కింది హద్దు 6.75, సుఖంగా ఎక్కాలంటే 8. కింది హద్దు పైహద్దును దాటిపోయింది. అంటే 90కీ రేవుకూ రెంటికీ సరిపోయే ఒక్క రేషియో ఈ సామానుతో లేనే లేదు. ఎన్ని గేర్‌బాక్సులు మార్చినా దొరకదు. మారాల్సింది కోరిక అయినా కావాలి, కరెంటు అయినా కావాలి.

---

వెంకట్_భీమవరం · ఆదివారం, ఉదయం 9:30

మేడం, ఒప్పుకుంటున్నాను, నేను పైహద్దు ఒక్కటే చూశాను. మా ప్రాజెక్టులో కూడా ఎక్కుడు లెక్క వేయలేదు. సెకండ్‌లోనే ఉంచి, 13 అంగుళాల పెద్ద చక్రాలు వేస్తే? బలం సెకండ్ గేరుది ఉంటుంది, స్పీడు పెరుగుతుంది.

---

సుబ్బరాజు_తణుకు · ఆదివారం, ఉదయం 10:10

వెంకట్, పెద్ద చక్రం వేయడమంటే గేరు తగ్గించడమే. మోటారుకు తెలిసేది రేషియోను వ్యాసార్థంతో భాగిస్తే వచ్చే అంకె ఒక్కటే. 0.26 నుంచి 0.275కి పెంచితే స్పీడు 71 నుంచి 75 అవుతుంది, ఎక్కే బలం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. పైగా స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల మడ్‌గార్డుకు రాసుకుంటుంది. నాలుగు కిలోమీటర్ల కోసం అంత ఖర్చు వద్దు.

సతీషూ, నాకు తోచింది చెబుతాను. గేర్‌బాక్సు ఉంది కదా, వాడుకో. క్లచ్ లేదు కాబట్టి నడుస్తుంటే మార్చకు. మోటారు రోటరు బరువు, గేర్ల వేగాలను కలిపే సింక్రో రింగుల మీద పడి అవి త్వరగా అరిగిపోతాయి. కారు ఆగి ఉన్నప్పుడు మాత్రం హాయిగా మార్చొచ్చు, పళ్ళు కలవకపోతే కొంచెం ముందుకో వెనక్కో తోస్తే పడుతుంది. రేవు దగ్గర పంటు కోసం ఎలాగూ ఆగుతావు. అక్కడ సెకండ్, అవతల పైకెక్కి రోడ్డు మీదికి వచ్చాక ఆగి థర్డ్.

---

పద్మజ_కాకినాడ · ఆదివారం, మధ్యాహ్నం 12:20

సుబ్బరాజు గారి పద్ధతి పనిచేస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మర్చిపోయి సెకండ్‌లో ఉండగా హైవే ఎక్కితే 71 దగ్గర ఆగుతుంది, దాని వల్ల ప్రమాదం లేదు. థర్డ్‌లో ఉండగా రేవు ఎక్కితేనే ఇబ్బంది. వెనక మనుషులు నిలబడి ఉంటారు, ముందు వాలు, వెనక నీళ్ళు. ఆ మరుపు ఒక్కసారి జరిగినా ఎక్కువే. అందుకే ఒకే రేషియో అనే మీ మొదటి ఆలోచనే నాకు ఇష్టం.

టెస్లా మొదటి రోడ్‌స్టర్‌కీ ఇదే చిక్కు వచ్చింది. త్వరగా వేగం అందుకోవాలి, టాప్ స్పీడూ ఎక్కువ ఉండాలి అని రెండు గేర్ల పెట్టె పెట్టాలనుకున్నారు. అది మన్నలేదు. చివరికి 2008లో మీ కంట్రోలర్ పనే చేసే ఇన్వర్టరు కరెంటు పెంచి, మోటారు నుంచి ఎక్కువ టార్క్ తీసి, 8.28 దగ్గర ఒకే రేషియోతో సరిపెట్టారు. మీ ముందున్న దారీ అదే. 400 ఆంపియర్లు ఇచ్చే కంట్రోలర్ వేస్తే మీ మోటారు పూర్తి 110 ఇస్తుంది. అప్పుడు థర్డ్‌లో 2250 న్యూటన్లు వస్తాయి, కావాల్సిన 1850 పోను 400 మిగులుతుంది. నలుగురితో రేవు ఎక్కుతుంది, హైవే మీద 90 కూడా వస్తుంది. 90 దగ్గర గాలికీ రోడ్డుకీ పట్టేది 10 కిలోవాట్లే కాబట్టి పవరు సమస్య కాదు. అయితే బ్యాటరీ, ఫ్యూజు, కేబుళ్ళు ఆ కరెంటుకు తగ్గట్టు ఉన్నాయో లేదో చూడాలి. ప్లేటు మీది 400 కొన్ని సెకన్లకే అయి ఉంటుంది, ఎంతసేపటికో చదవండి.

డబ్బు పెట్టకూడదనుకుంటే సెకండ్‌లో ఉంచి 71తో సరిపెట్టుకోండి. రేవు ఎక్కడానికి 2270 న్యూటన్లు వస్తాయి.

---

సుబ్బరాజు_తణుకు · ఆదివారం, మధ్యాహ్నం 1:05

మేడం, ఆ మాట ఒప్పుకుంటాను గానీ, కంట్రోలర్ మార్చే ఖర్చుతో పోలిస్తే గేరు మార్చడానికి పైసా పట్టదు. రేవు దగ్గర గేరు చూసుకోవడం డ్రైవరు పని. పెట్రోలు కారులో రోజుకు వందసార్లు చేస్తున్నదే.

---

పద్మజ_కాకినాడ · ఆదివారం, మధ్యాహ్నం 1:40

పెట్రోలు కారులో క్లచ్ ఉంటుంది, తప్పు గేరులో ఉంటే వాలు మధ్యలోనే మార్చుకోవచ్చు. ఇక్కడ మధ్యలో ఆగితే వాలు మీద న్యూట్రల్‌లోకి తెచ్చి మార్చాలి. హ్యాండ్ బ్రేకు మీదే అంతా ఆధారం. నాకు ఆ పద్ధతి మీద ధైర్యం లేదు సుబ్బరాజు గారూ.

---

సతీష్_రాజోలు · మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

మావయ్యతో చాలా మాట్లాడాం. కొత్త కంట్రోలర్‌కి ఇప్పుడు డబ్బు లేదు. సెకండ్‌లో పెట్టి, గేరు రాడ్డును తీసి పక్కన పెట్టేశాం, చెయ్యి తగలకుండా. నిన్న అయిదుగురం ఎక్కి రేవు దాటాం. ఎక్కడా ఆగలేదు, కంట్రోలర్ గోరువెచ్చగానే ఉంది. టాప్ స్పీడు 70. హైవే మీద లారీలు దాటుకుని వెళ్తుంటే మావయ్యకి నచ్చడం లేదు. పంట డబ్బు వచ్చాక కంట్రోలర్ మారుద్దాం అంటున్నాడు. నాకు మాత్రం ఇది చాలనిపిస్తోంది.

ఒక కొత్త విషయం. 60 దాటాక గేర్‌బాక్సు నుంచి సన్నగా ఊళ వస్తోంది. తొక్కినప్పుడు తక్కువ, కాలు తీసినప్పుడు ఎక్కువ. ఆయిల్ సరిగ్గానే ఉంది.

---

నాని_పాలకొల్లు_ఆటో · ఆదివారం, సాయంత్రం 6:15

సతీష్ తమ్ముడూ, పాత గేరు వేయించాను. 25 మాత్రమే వెళ్తుంది గానీ గట్టు మీద ఆగలేదు. సుబ్బరాజు బాబాయ్‌కి దండం.

---

సుబ్బరాజు_తణుకు · ఆదివారం, రాత్రి 8:10

మంచిది నానీ.

సతీషూ, కాలు తీసినప్పుడే ఎక్కువ వస్తోందంటే ఆలోచించాల్సిందే. పెట్రోలు ఇంజిన్‌తో గేరు పళ్ళకు ఒక వైపే ఎక్కువ పని పడుతుంది, రెండో వైపు పెద్దగా అరగదు. నీ మోటారు కాలు తీయగానే రీజెన్‌తో బ్యాటరీ నింపుతూ రెండో వైపు గట్టిగా నొక్కుతోంది. ఆ పళ్ళు ఇన్నేళ్ళలో అంత బలం ఎప్పుడూ మోయలేదు. పైగా 60 దగ్గర నీ మోటారు 5000 దాటి తిరుగుతోంది. సెకండ్‌లో అంత వేగంలో గంటల తరబడి ఎవరూ నడపరు కాబట్టి, మామూలుగా వినపడని ఊళ కూడా ఇప్పుడు వినపడుతుంది. ఇది అరుగుదలా, మామూలు ఊళేనా అన్నది విప్పకుండా చెప్పలేను. కంట్రోలర్‌లో రీజెన్ సగానికి తగ్గించి, అదే రోడ్డు మీద అదే వేగంలో చూడు. చప్పుడు తగ్గితే పళ్ళ రెండో వైపే. తగ్గకపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ చూడాలి, కప్లర్ సరిగ్గా మధ్యలో లేకపోతే ముందు పోయేది అదే.

---

సతీష్_రాజోలు · ఆదివారం, రాత్రి 8:25

కప్లర్ బిగించింది నేనే అండీ, డయల్ గేజి లేకుండా కంటితో చూసి. రేపు రీజెన్ తగ్గించి చూసి, రాత్రికి చెబుతాను.